డొక్క కత్తి, పొట్ట కత్తి

కృపాబాయి ఎవరినీ తిట్టదు. నాకు భయం వేసేది అందుకే. తిట్టేవాళ్లు ఆ పూట తిట్టేసి మర్చిపోతారు. ఈవిడ మాట మనసులో పెట్టుకుని కూర్చుంటుంది. నాలుగేళ్లు అలా కూర్చుంది. ఆ నాలుగేళ్లూ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఆవిడ గురించి రాసే హక్కు నాకుందనుకుంటున్నాను. లేదనేవాళ్లు చివరిదాకా చదివి అప్పుడు అనండి.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. రెండువేల ఒకటిలో భర్తతో కెనడా వచ్చింది. ఆయన ట్రక్కు నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఈవిడ ఒక మాంసం ఫ్యాక్టరీలో చేరింది. మొదట్లో బెల్టు పక్కన నిలబడి కొవ్వు కోసే పని. రెండేళ్లయ్యాక ఆవిడ కత్తి పక్కవాళ్ల కత్తులకంటే ఎక్కువసేపు తెగుతోందని ఎవరో కనిపెట్టి, కత్తులు నూరే గదిలోకి మార్చారు. అక్కడ తొమ్మిదేళ్లు చేసింది. రోజుకి మూడు వందల కత్తులు చేతిలోంచి వెళ్లేవట. ఆ ఫ్యాక్టరీ మూసేశాక, టొరంటో పక్కన ఏజాక్స్‌లో, హైవే పక్కనున్న షెడ్లలో, ఒక టైర్ల దుకాణం వెనక చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా నూరడం మొదలుపెట్టింది.

ఆ గదిలో ఉన్నదల్లా ఒక్క మెషీనే. గరుకు కాగితం పట్టీ చక్రాల మీద గిర్రున తిరుగుతూ ఉంటుంది. పట్టీ ఒకచోట చక్రం మీదుగా పోతుంది, ఒకచోట ఇనుప పలక మీదుగా పోతుంది, ఒకచోట వెనక ఏ ఆధారం లేకుండా వదులుగా పోతుంది. కత్తిని ఈ మూడింటిలో ఎక్కడ ఆనిస్తే అలాంటి కత్తి తయారవుతుంది. చక్రం మీద ఆనిస్తే కత్తి చెంపలు లోపలికి గుంటపడతాయి. దాన్ని ఆవిడ డొక్క కత్తి అంటుంది, తిండి లేని మనిషి డొక్కలా ఉంటుందని. పలక మీద ఆనిస్తే వెన్ను నుంచి అంచుదాకా తిన్నగా, ఏటవాలుగా దిగుతుంది. అది బల్ల కత్తి. వదులు పట్టీ మీద ఆనిస్తే పట్టీ కత్తి చుట్టూ ఒదిగి, చెంపలు బయటికి గుండ్రంగా ఉబ్బుతాయి. అది పొట్ట కత్తి. ఇంగ్లిషులో వీటికి వేరే పేర్లున్నాయి, ఫ్యాక్టరీలో ఆ పేర్లే వాడేది. మనవాళ్లతో మాట్లాడటానికి మాత్రం ఈ మూడు మాటలూ తనే పెట్టుకుంది. మనవాళ్లు వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు. అందరికీ తెలిసిన మాట ఒక్కటే, పదును. "ఆంటీ, పదును పెట్టండి" అని ఇచ్చి, పెట్టాక పట్టుకెళ్లేవాళ్లు.

నా పేరు కమలకుమారి. షాలేమ్ రాజు కేటరింగులో వంటమనిషిని. షాలేమ్ రాజు మా చర్చివాడే. భీమవరం వైపు మనిషి, మాట తియ్యన, చెయ్యి మాత్రం గట్టి. నాకు వర్క్ పర్మిట్ ఇప్పించింది ఆయనే. పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే హక్కుకి, కావలసిన ఉత్తరం కూడా ఆయనే రాయాలి. ఈ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

రెండువేల పద్దెనిమిది నవంబరులో షాలేమ్ రాజు ఫోనులో ఏదో వీడియో చూశాడు. అందులో ఎవరో గాల్లో కాగితం పట్టుకుని కత్తితో రిబ్బన్లు చీలుస్తున్నాడు. టమాటాని చెయ్యి తగలకుండా పలచటి బిళ్లలుగా కోస్తున్నాడు. ఈయనకి పూనకం వచ్చింది. తన దగ్గరున్న జపాను ఉక్కు కత్తిని పట్టుకుని, నన్ను వెంటేసుకుని కృపాబాయి షెడ్డుకి వెళ్లాడు.

"అక్కా, నా కత్తి ఇలా తెగాల. కాగితం చీలిపోవాల" అన్నాడు ఫోను చూపిస్తూ.

"దేనికి వాడతావు తమ్ముడూ?"

"అన్నిటికీ."

"అన్నిటికీ ఒక కత్తి ఉండదు. ఇలా కాగితం చీలాలంటే డొక్క తియ్యాలి. అంచు వెనకాల ఉక్కు బాగా పలచబడిపోద్ది. అందుకే అంత తేలిగ్గా దిగుద్ది. ఉల్లిపాయలు, చేపముక్కలు, ఎముక లేని మాంసం అయితే హాయిగా కోసుకో. మొద్దుబారితే రాయి మీద నాలుగు రుద్దులు చాలు, మళ్లీ వచ్చేస్తది. ఎముక మీద మాత్రం వెయ్యకు. వెనకాల బలం లేదు, పైగా ఈ ఉక్కు గట్టిది, వంగదు, పెళ్లలుగా ఊడుద్ది."

"సరే అక్కా, సరే" అన్నాడాయన, ఫోను చూసుకుంటూ.

ఆవిడ చక్రం మీద డొక్క తీసింది. కత్తి వేడెక్కితే ఉక్కు చెడిపోతుందని రెండు క్షణాలకోసారి నీళ్లలో ముంచుతూ ఒక గంట పట్టింది. ఇచ్చేటప్పుడు మళ్లీ చెప్పింది. "ఎముక మీద వద్దు" అని అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి కత్తికి చుట్టింది. ఆ అట్ట వ్యానులోనే పడిపోయింది. నేనే తీసి చెత్తలో వేశాను.

డిసెంబరులో చర్చి ప్రేమవిందు వచ్చింది. మేం ఆరాధన చేసుకునే హాలు ఒక స్కూలు జిమ్. ఆరాధన అయ్యాక అందులోనే బల్లలు వేసి భోజనాలు పెడతాం. రెండు వందల మందికి మేక మాంసం బిర్యానీ. పొద్దున మాంసం కోసేవాడు రాలేదు. షాలేమ్ రాజే దిగాడు. ఎముకలు కొట్టే పాత కత్తి మొద్దుబారి ఉంది. ఆయన ఒకసారి కొట్టి, రెండోసారి కొట్టి, విసుక్కుని ఆ జపాను కత్తి తీశాడు. మొదటి కాలు మూడు దెబ్బల్లో ముక్కలైంది. "చూశావా కమలా, వెన్నలా తెగుతుంది!" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో పుదీనా తుంపుతున్నాను. నాలుగో కాలి దగ్గర టక్ మని వేరే చప్పుడొచ్చింది. ఆయన కత్తిని వెలుతురుకి పెట్టి చూశాడు. అంచులో చిన్నవేలి గోరంత ముక్క ఊడిపోయి గంటు కనిపించింది. బల్ల మీద వెతికాడు, దొరకలేదు. నావైపు చూశాడు. నేను పుదీనా వైపు చూశాను.

ఆ ముక్క కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన లక్ష్మమ్మ గారి పళ్లెంలో తేలింది. ఆవిడకి ఉన్న పళ్లే తక్కువ, అందులో ముందు పన్ను విరిగింది. నోట్లోంచి రక్తం, ఇంత ఉక్కు ముక్క. హాలంతా లేచి నిలబడింది. పాస్టర్ సువార్తరాజు గారు పాపం మైకు పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డారు. షాలేమ్ రాజు వెళ్లి ఆ మైకు అందుకున్నాడు.

"బ్రదర్స్, సిస్టర్స్, నన్ను క్షమించాలి. తప్పు నాదే. నూరడం చేతకాని వాళ్లకి కత్తి ఇచ్చాను. మన చర్చి మనిషే కదా, ఎంకరేజ్ చేద్దామనుకున్నాను."

ఎంత నేర్పుగా అన్నాడో చూడండి. పేరు ఎత్తలేదు. చర్చిలో కత్తులు నూరే మనిషి ఒక్కతే. రెండు వందల తలలు ఒక్కసారి మూడో వరుసవైపు తిరిగాయి.

కృపాబాయి లేచి వంటల బల్ల దగ్గరికి వచ్చింది. కత్తి తీసి అంచు చూసింది. వేలు పెట్టి ఆ గంటుని తడిమింది. "ఎముక కొట్టింది ఎవరు?" అని అడిగింది. షాలేమ్ రాజు "ఎవరూ కొట్టలేదక్కా, ఉల్లిపాయలే కోశాం" అన్నాడు. అప్పుడావిడ నావైపు తిరిగింది. నేను గరిటె తిప్పుతున్నాను. బిర్యానీని అలా తిప్పకూడదు, మెతుకు విరుగుతుంది. అయినా తిప్పుతూనే ఉన్నాను.

ఆవిడ కత్తి కింద పెట్టింది. "నిజం వాడే, అదే మైకులో చెప్తాడు" అంది. గొంతు ఎత్తలేదు, నాకు మాత్రమే వినబడింది. కోటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చర్చివాళ్లెవరూ ఆవిడకి కత్తులు ఇవ్వలేదు. చర్చివాళ్లు మానేస్తే చుట్టాలూ మానేశారు, తర్వాత ఏజాక్స్ నుంచి మార్కమ్ దాకా తెలుగువాళ్లంతా మానేశారు. వెనకాల ఒక పేరు కూడా పెట్టారు, పళ్ల కృపమ్మ అని. పిల్లలు ఆవిడని చూసి "టూత్ ఆంటీ" అని నోరు మూసుకుని నవ్వేవాళ్లు. చైనావాళ్ల చేపల దుకాణాలు రెండు, పోర్చుగీసువాళ్ల మాంసం దుకాణం ఒకటి లేకపోతే ఆవిడ షెడ్డు మూసుకోవలసిందే. కరోనాకి హాలు మూసిన నెలలు తప్ప ప్రతి ఆదివారం మాత్రం వచ్చేది. అదే మూడో వరుసలో, అదే కుర్చీలో కూర్చుని, మైకువైపు చూసేది. ప్రసంగం వింటోందని పాస్టరు గారు అనుకునేవారు.

ఆ పనే తన బతుకంతా అయినవాళ్లకి దానిలో చేతకాదనిపించుకోవడం ఎలా ఉంటుందో నేనిప్పుడు ఊహించగలను. అప్పట్లో ఊహించదలచుకోలేదు. నా ఉత్తరం షాలేమ్ రాజు చేతిలో ఉంది.

రెండువేల ఇరవై రెండు వచ్చేసరికి ఊరు మారిపోయింది. ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి స్టూడెంట్లు బస్సులు నిండేలా దిగారు. ఏజాక్స్, ఆషవా, విట్బీ, ఎక్కడ బేస్‌మెంట్ చూసినా ఆరుగురు. వండుకునే టైమ్ లేదు, వండడం రాదు, అమ్మ చేతి కూర కావాలి. షాలేమ్ రాజు టిఫిన్ బాక్సులు మొదలుపెట్టాడు. వంద బాక్సులు రెండు నెలల్లో ఆరు వందలయ్యాయి. వారానికి మేకలు ఎన్ని దిగుతున్నాయో లెక్క లేదు. మాంసం కొట్టడానికి నలుగురు స్టూడెంట్లే పార్ట్‌టైమ్‌లో వచ్చేవాళ్లు. కత్తులు పలచటివి, బల్ల కత్తులు. కూరగాయలకి బంగారం లాంటివి, ఎముక మీద పడితే వారానికే అంచు మడత పడేది. మందం కత్తులు తెప్పిస్తే అవి మాంసంలో దిగేవి కావు, నలిపేవి. ఒకమ్మాయి బలమంతా పెట్టి కొడితే కత్తి జారి బొటనవేలు తెగింది.

జూలైలో షాలేమ్ రాజు నన్ను పిలిచి, తలుపు వేసి, "కృపక్క దగ్గరికెళ్లు. నేను పంపానని చెప్పకు" అన్నాడు.

నేను ఎనిమిది మందం కత్తులు, నాలుగు సన్నవి పెట్టెలో పెట్టుకుని వెళ్లాను. ఎవరివో చెప్పనక్కర్లేకపోయింది. పిడుల మీద కేటరింగు స్టిక్కర్లున్నాయి. స్టిక్కర్లు పీకాలన్న తెలివి నాకు లేదు.

"ఎముకలు కొట్టేవి ఏవి?" అని అడిగింది. చూపించాను. "మంగళవారం రా" అంది. అంతే.

ఎందుకంత తేలిగ్గా ఒప్పుకుందా అని దారంతా ఆలోచించాను. అన్నిటికీ డొక్క తీసి పంపుతుంది, ఆరు వందల బాక్సుల్లో ఉక్కు ముక్కలు పడతాయి, వాడి పని అయిపోతుంది అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. మంగళవారం వెళ్లగానే ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, వీటికి డొక్క తీశారా?"

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంకో ముసలమ్మ పన్ను విరగాలా? వాడి మీద కోపం వాడి మీదే. పిల్లల తిండిలో కలుపుతానా?"

పెద్ద కత్తి ఒకటి తీసి నా చేతికిచ్చింది. చెంపల మీద వేలు పెట్టి చూడమంది. వెన్ను నుంచి కిందికి వస్తుంటే ఎక్కడా అంచంటూ మొదలైన గీత తగల్లేదు. నున్నగా ఉబ్బి, చివర ఒక్కసారిగా సన్నబడింది.

"పొట్ట పెట్టాను. అంచు వెనకాలే ఉక్కు నిండుగా ఉంటది. దెబ్బ తగిలితే అది కాసుకుంటది. బల్ల కత్తి మాంసానికి అంటుకుపోద్ది, ఇది ఉబ్బుగా ఉంటది కాబట్టి ముక్క పక్కకి తప్పుకుంటది. కాగితం మాత్రం డొక్క కత్తి చీల్చినట్టు చీల్చదు. వాడికి కాగితాలు కొట్టే పని లేదుగా ఇప్పుడు. ఆ సన్నవి నాలుగూ బల్ల కత్తులుగానే ఉంచాను, కూరలకి."

వంటగదిలో ఆ కత్తులు పండగ తెచ్చాయి. మేక కాలు రెండు దెబ్బలు. ఎముక చివర చిట్లకుండా తెగేది. స్టూడెంట్లు ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు లాక్కునేవాళ్లు. ఒక నెల అలా గడిచింది. మాంసం పని సగం టైమ్‌లో అయిపోతుంటే షాలేమ్ రాజు ఇంకో మూడు వందల బాక్సులు ఒప్పుకున్నాడు. ఆవిడ ఎదురుచూసింది దానికే.

ఎంత మంచి కత్తయినా మొద్దుబారుతుంది. అవీ బారాయి. మా దగ్గర దుకాణంలో కొన్న ఒక సాధనం ఉంది, కత్తిని గాడిలో పెట్టి లాగుతారు. షాలేమ్ రాజు ఎనిమిదీ లాగాడు. ఆ గాడికి తెలిసిన వాలు ఒక్కటే. అది ఉబ్బుని పట్టించుకోకుండా చివర మాత్రం గీకి, అంచు పక్కన రెండు మెట్లు పెట్టింది. కత్తి చేతికి పదునుగానే తగిలేది, మాంసంలో మాత్రం ఇరుక్కునేది. ఆయన ఇంకా లాగాడు. లాగినకొద్దీ అంచు మందం వైపు పైకి జరిగింది.

నన్ను మళ్లీ పంపాడు. కృపాబాయి పెట్టె తెరవకుండానే నావైపు తోసింది.

"ఆయన్ని రమ్మను."

"బిజీగా ఉన్నారాంటీ..."

"ఖాళీ అయ్యాకే రమ్మను. నాకేం తొందర లేదు."

వెళ్లి చెప్పాను. షాలేమ్ రాజు మొహం ఎర్రబడింది. "ఊళ్లో ఈవిడొక్కతే నూరుద్దా?" అన్నాడు. వ్యానులో తిరిగి కత్తులు నూరే ఒకతన్ని పిలిచాడు. అతను మంచి పనివాడే. "వీటికి ఏం చెయ్యాలి?" అని మర్యాదగా అడిగాడు కూడా. మా రాజు గారు చెప్పిన మాట ఒక్కటే, "షార్ప్. వెరీ షార్ప్." అతను ఆ ఉబ్బుని ఎవరో చేతకాక చేసిన పని అనుకున్నాడేమో, రెండు చెంపలూ తిన్నగా చదును చేసి, అద్దంలా మెరిపించి ఇచ్చాడు. ఆ వారం షాలేమ్ రాజు కాలరెగరేశాడు. తర్వాతి వారం మూడు కత్తులకి గంట్లు పడ్డాయి. ఆ రోజు కొట్టిన మాంసమంతా ఆయనే స్వయంగా పారబోశాడు. చేటలో బియ్యం ఏరినట్టు ముందు చేత్తో వెతికాడు, ధైర్యం చాలక పారబోశాడు.

ఈ సంగతి వెళ్లి చెబితే కృపాబాయి మొదటిసారి నవ్వింది. మంచి నవ్వు కాదది.

"టొరంటోలో పొట్ట పెట్టగలిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వ్యానువాడు కూడా అడిగితే పెడతాడు. ఈయనకి అడగడం రాదు. పదును, పదును అంటాడు. నేను ఆరోజు చెప్పింది వినుంటే వచ్చేది. విననివాడు నా దగ్గరికి రావలసిందే."

సెప్టెంబరులో కొత్త బ్యాచ్ దిగింది. తెలుగు స్టూడెంట్ల సంఘంవాళ్లు స్వాగత విందు పెట్టుకున్నారు, తొమ్మిది వందల మంది, మేక మాంసం పులుసు. ఇంత పెద్ద పని షాలేమ్ రాజుకి ఎప్పుడూ రాలేదు. విందు శనివారం. ముందు వారం గురువారం మధ్యాహ్నం, ఆయన తనే పెట్టె మోసుకుంటూ షెడ్డుకి వెళ్లాడు. నన్ను కూడా రమ్మన్నాడు, ఒంటరిగా వెళ్లలేక.

కృపాబాయి మెషీన్ ఆపింది. కుర్చీ చూపించలేదు.

"అక్కా, జరిగిందేదో జరిగింది. ఈ ఎనిమిదీ ముందులాగే చేసిపెట్టు."

"ముందులాగ అంటే ఎలాగ?"

"అదే... పదునుగా."

"పదును వ్యానువాడు పెట్టాడుగా. ఏం కావాలో పేరు పెట్టి అడుగు."

షాలేమ్ రాజు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

సండే స్కూలు పిల్లాడికి వాక్యం నేర్పినట్టు ఆవిడ ఆయనకి నేర్పింది. మూడు పాత కత్తులు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటి చేతిలో పెట్టి, చెంపలు తడమమని, కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంది. డొక్క కత్తి దేనికి? అంచు ఎందుకు ఊడుతుంది? బల్ల కత్తి దేనికి? పొట్ట కత్తిని గాడిలో లాగితే ఏమవుతుంది? తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. యాభై దాటిన మనిషి, తొమ్మిది వందల బాక్సుల యజమాని, చెమటలు కక్కుతూ అప్పజెప్పాడు. నాకు నవ్వొచ్చింది, చచ్చేంత ఆనందం కూడా వేసింది. నన్ను ఆరేళ్లు "కమలా, ఇటు రా, అటు పో" అన్న మనిషి.

అంతా వచ్చాక కృపాబాయి అంది, "ఇది ఆదివారం మైకులో చెప్పు. అదే హాలులో. ఎముక ఎవరు కొట్టారో కూడా చెప్పు. సోమవారం కత్తులు తీసుకెళ్దువుగాని."

"అక్కా, నా పరువు..."

"నాది నాలుగేళ్ల నుంచి అక్కడే పడుంది. నీది కాసేపు దాని పక్కన కూర్చుంటే ఏం పోద్ది?"

ఆదివారం ఆరాధన అయ్యాక షాలేమ్ రాజు లేచి పాస్టరు గారి చెవిలో ఏదో చెప్పి మైకు తీసుకున్నాడు. మొదట దగ్గాడు. ప్రేమవిందు రోజు జపాను కత్తితో మేక కాళ్లు కొట్టింది తనేనన్నాడు. కృపక్క వద్దని రెండుసార్లు చెప్పిందనీ, రాసి కూడా ఇచ్చిందనీ, డొక్క తీసిన కత్తి ఎముకకి పనికిరాదనీ, తను వినలేదనీ చెప్పాడు. "నూరడం చేతకానిది అక్కకి కాదు. కొట్టడం తెలియనిది నాకే" అన్నాడు. కృపాబాయి మూడో వరుసలో నిటారుగా కూర్చుని ఆఖరి మాటదాకా విన్నది. కన్నీళ్లు పెట్టుకుంటుందేమోనని చూశాను. పెట్టుకోలేదు. ఆకలి తీరాక మంచినీళ్లు తాగే మనిషి మొహంలా ఉంది.

బయటికి వస్తుంటే ఆడవాళ్లు ఆవిడ చుట్టూ మూగారు. అక్కా, మా ఇంట్లో కత్తులన్నీ మొద్దుబారిపోయాయి, రేపు తీసుకురానా అని. అందరికీ ఊఁ కొట్టింది.

సోమవారం కత్తులు తనే తీసుకుని మా వంటగదికి వచ్చింది. ఎనిమిదికీ పొట్ట తిరిగి పెట్టింది, గంట్లు పోయేదాకా అరగదీసింది కాబట్టి వెడల్పు కొంచెం తగ్గింది. సంచిలోంచి ఒక పాత మౌస్ ప్యాడ్, గరుకు కాగితం తీసింది. కాగితాన్ని ప్యాడ్ మీద పరిచి అంటించింది. మాంసం కొట్టే స్టూడెంట్లనీ, షాలేమ్ రాజునీ చుట్టూ నిలబెట్టింది.

"కత్తిని దాదాపు పడుకోబెట్టి, వెన్ను ముందుండేలా వెనక్కి లాగండి. అంచు వైపు నెట్టకండి, కాగితం కోసుకుపోద్ది. కింద మెత్తగా ఉంది కాబట్టి కాగితం లోపలికి ఒదిగి పొట్ట చుట్టూ తిరుగుద్ది. పొట్ట అలాగే ఉంటది, అంచు వస్తది. రోజూ ఇటు పది, అటు పది. ఇంక నా దగ్గరికి రానక్కర్లేదు."

పది నిమిషాల్లో అందరికీ వచ్చేసింది. షాలేమ్ రాజు కూడా లాగి చూశాడు. తన చేతిలో కత్తికి అంచు వస్తుంటే నోరు తెరిచాడు.

"ఇంత తేలికా? ఇదేదో జూలైలోనే చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వు పద్దెనిమిదిలోనే చెప్పొచ్చుగా" అంది కృపాబాయి.

స్టూడెంట్లు కిసుక్కుమన్నారు. షాలేమ్ రాజు తల దించుకుని లాగడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముందుకొచ్చి, నేనూ నేర్చుకుందామని ప్యాడ్ మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"నీకు కాదు."

"అదేంటాంటీ?"

"పీఆర్ కార్డు ఎప్పుడొచ్చింది నీకు?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను. ఆవిడ చూస్తూనే ఉంది.

"ఇరవైలో. మార్చిలో" అన్నాను.

"ఆ ముందు పదిహేను నెలలూ నిన్నేం అనను. వాడు నిన్ను పంపించేస్తాడని భయం. నాకు తెలుసు, ఆ భయం నేనూ పడ్డాను. మార్చి నుంచి ఈ రోజుదాకా ఎన్ని ఆదివారాలు వచ్చాయి కమలా? హాలు తెరిచిన ప్రతి ఆదివారం నా వెనక వరుసలోనే కూర్చున్నావు."

స్టూడెంట్లు ఏమీ అర్థంకాక మమ్మల్ని మార్చి మార్చి చూశారు. షాలేమ్ రాజుకి మాత్రం అర్థమైంది, లాగడం ఆపేశాడు. నేను ఏదో అనాలని నోరు తెరిచాను. ఆవిడ ఆగింది. నిజంగా ఆగింది, నేను చెప్పేది వినడానికి. నేను గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

ఆవిడ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఊళ్లో తెలుగువాళ్ల కత్తులన్నీ ఆవిడ దగ్గరికే వెళ్తాయి. నా కత్తి కూడా మూడుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కత్తి తుడిచి, నూరకుండా తిరిగిచ్చింది. వచ్చే ఆదివారం నేను మైకు అడుగుతానని పాస్టరు గారికి చెప్పాను. చెప్పి ఇది నాలుగో వారం.